ప్రైవేటు పార్కింగ్ చీటీ వస్తే ముందు తేదీలు చూడండి

ఇంగ్లండ్‌లో సూపర్ మార్కెట్ ముందో, ఆసుపత్రి ఆవరణలోనో కారు పెట్టి వస్తే, కొన్నాళ్లకు వంద పౌండ్లు కట్టమంటూ ఇంటికి చీటీ రావడం అక్కడి మన తెలుగువాళ్లకు కొత్త కాదు. దాని మీద ‘పీసీఎన్’ అని ఉంటుంది. స్థానిక కౌన్సిల్ వేసే జరిమానా మీదా అవే అక్షరాలుంటాయి కాబట్టి చాలామంది హడలిపోయి కట్టేస్తారు. కానీ ప్రైవేటు కంపెనీకి జరిమానా వేసే అధికారం లేదు. బోర్డు మీది షరతులకు ఒప్పుకుని కారు పెట్టి, తర్వాత మాట తప్పారు కాబట్టి డబ్బివ్వమని అడుగుతుంది, అంతే.

ఒకప్పుడు ఈ కంపెనీలు చక్రానికి క్లాంప్ బిగించి, డబ్బు చేతిలో పడ్డాకే తీసేవి. 2012 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రైవేటు స్థలంలో చట్టబద్ధమైన అధికారం లేకుండా అలా చేయడం నేరం.

అలాగని చీటీని చించి పారేయకూడదు. చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక షాపింగ్ ఆవరణలో రెండు గంటల ఉచిత పార్కింగ్ దాటి 56 నిమిషాలు ఎక్కువ ఉన్నందుకు కంపెనీ ఒకాయన్ని 85 పౌండ్లు అడిగింది. 2015లో సుప్రీంకోర్టు ఆ మొత్తం చెల్లుతుందని తీర్పిచ్చింది. బోర్డులు పెద్దవిగా, స్పష్టంగా, చాలాచోట్ల ఉన్నాయి. వచ్చిన కార్లు వెళ్లిపోతేనే తర్వాతివాళ్లకు చోటు దొరుకుతుంది. అడిగిన మొత్తమూ మితిమీరినది కాదు. బోర్డే లేకపోయినా, చీకట్లో కనిపించకపోయినా కంపెనీ వాదన బలహీనపడుతుంది. అందుకే వెంటనే ఫొటోలు తీసి పెట్టుకోవాలి.

రెండో కీలకం గడువు. ఒప్పందం డ్రైవరుతో, చీటీ వచ్చేది కారు ఎవరి పేరున ఉందో వారికి. కెమెరా ఆధారంగా పంపే చీటీ, కారు పెట్టిన మర్నాటి నుంచి లెక్కించి 14 రోజుల్లోగా చేరితేనే డ్రైవరు బాకీని యజమాని మీద మోపవచ్చు. మార్చి 3 మంగళవారం కారు పెట్టారనుకుందాం. గడువు 17 మంగళవారం. ఉత్తరం 16 సోమవారం పోస్టు చేస్తే, వేరే రుజువు లేనంతవరకు, రెండో పనిదినమైన 18న చేరినట్టు చట్టం లెక్కిస్తుంది. అంటే గడువు దాటినట్టే. ఇక కంపెనీ అడగాల్సింది డ్రైవరునే. ఆ డ్రైవరెవరో ప్రైవేటు కంపెనీకి చెప్పి తీరాలన్న నిబంధన యజమానికి లేదు. అప్పీలులో ‘నేనే పెట్టాను’ అని రాస్తే మాత్రం ఈ రక్షణ పోతుంది. అద్దం మీద చీటీ అంటించి వెళితే గడువు వేరు: యజమానికి ఉత్తరం 28 రోజులు దాటాక, 56 రోజుల్లోగా రావాలి. రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాల్లాంటి చోట్ల సొంత ఉపనిబంధనలుంటే ఈ లెక్కలు వర్తించవు.

కంపెనీ ఉత్తరాలతో ఎంత వాదించినా, కోర్టు నుంచి క్లెయిమ్ వస్తే మాత్రం 14 రోజుల్లో జవాబివ్వాల్సిందే. మౌనంగా ఉంటే విచారణ లేకుండానే తీర్పు పడుతుంది. నెలలోగా కట్టకపోతే అది ఆరేళ్లు రికార్డులో ఉండి, ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడూ బ్యాంకు రుణం అడిగినప్పుడూ అడ్డొస్తుంది.