ఎన్ని పిప్పులు కాదు, ఎంత మొత్తం మీద?

తెర మీద EUR/USD అన్న అక్షరాల పక్కన 1.0850, 1.0852 అని రెండు ధరలు కనిపిస్తున్నాయనుకుందాం. ఒక యూరోకి ఎన్ని డాలర్లో చెప్పే ధరలే రెండూ. మొదటిది మనం యూరో అమ్మితే మన చేతికొచ్చేది, రెండోది కొంటే మనం చెల్లించేది. చుక్క తర్వాత నాలుగో స్థానంలో ఒక్క అంకె కదిలితే, అంటే ధర 0.0001 మారితే, ఒక పిప్ కదిలిందంటారు. పై రెండు ధరల మధ్య తేడా రెండు పిప్పులు. ఆ తేడాకి స్ప్రెడ్ అని పేరు. మనకి ధర చూపించే బ్రోకరు సంపాదన చాలావరకు అందులోనే ఉంటుంది.

‘ఇవాళ నలభై పిప్పులు కొట్టాను’ అని ఎవరైనా చెబితే, అది లాభమో లాభం లాంటిదో ఆ ముక్కతో తేలదు. ఎంత మొత్తం మీద అన్నది తెలియాలి. కరెన్సీ బజారులో లక్ష యూనిట్లని ఒక లాట్ అంటారు. చిన్నవాళ్లు మొదలుపెట్టేది సాధారణంగా మైక్రో లాట్‌తో, అంటే వెయ్యి యూనిట్లతో. వెయ్యి యూరోల మీద ఒక పిప్ విలువ 1000 × 0.0001, అంటే 0.10 డాలరు, పది సెంట్లు. అదే పూర్తి లాట్ మీద అయితే పది డాలర్లు.

ఇప్పుడు ఒక లావాదేవీ మొదలు నుంచి చివరిదాకా చూద్దాం. 1.0852 దగ్గర వెయ్యి యూరోలు కొన్నాం. సాయంత్రానికి ధరలు 1.0890, 1.0892 అయ్యాయి. తెర మీద నలభై పిప్పులు పెరిగింది. కానీ మనం అమ్మేది 1.0890కే కాబట్టి దక్కేది 38 పిప్పులు, అంటే 3.80 డాలర్లు. నమ్మకం కుదరకపోతే మొత్తాలే వేసి చూడండి. కొన్నప్పుడు 1085.20 డాలర్లు, అమ్మినప్పుడు 1089.00 డాలర్లు, తేడా 3.80. ధర పెరగకుండా అమ్మకం ధర 1.0820కి పడి ఉంటే 32 పిప్పుల నష్టం, 3.20 డాలర్లు. కొన్న మరుక్షణమే అమ్మేసినా ఇరవై సెంట్లు పోతాయి. స్ప్రెడ్ అంటే అదే.

ముందు అమ్మి తర్వాత కొనే బేరంలో ఇదే లెక్క తిరగేస్తే సరిపోతుంది. 1.0850కి అమ్మి 1.0870కి కొంటే ఇరవై పిప్పుల నష్టం, రెండు డాలర్లు.

చాలామంది తడబడేది జపాన్ యెన్ దగ్గర. యెన్ ధరని రెండు దశాంశ స్థానాలకే చెప్పడం ఆనవాయితీ కాబట్టి అక్కడ పిప్ అంటే 0.01. వెయ్యి డాలర్లు 150.20 యెన్‌లకి కొని 149.80కి అమ్మితే నష్టం నలభై పిప్పులు. ఒక్కో పిప్ పది యెన్‌లు, మొత్తం 400 యెన్‌లు. ఖాతా డాలర్లలో ఉంటే దాన్ని 149.80తో భాగించాలి: సుమారు 2.67 డాలర్లు. యూరో మీద నలభై పిప్పులు నాలుగు డాలర్లయితే ఇక్కడ అంతకంటే తక్కువ. పిప్ విలువ ఎప్పుడూ జతలో రెండో కరెన్సీలోనే పుడుతుంది. ఆ తర్వాతే మన కరెన్సీలోకి మార్చుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. చాలా తెరలు ఇప్పుడు ఐదో అంకె కూడా చూపిస్తాయి, 1.08523 లాగా. ఆ చివరిది పిప్‌లో పదో వంతు. దాన్నే పిప్ అనుకుంటే 38 కాస్తా 380 అయిపోతుంది. పైన చేసినట్టు మొత్తాల తేడా తీసి చూస్తే ఈ పొరపాటు వెంటనే బయటపడుతుంది.

నాలుగు డాలర్లకి ఇంత హడావిడా అనిపించవచ్చు. అసలు సంగతి అరువులో ఉంది. యూరప్ నియంత్రణ సంస్థ 2018లో చిన్న మదుపరులకి ప్రధాన కరెన్సీల మీద పెట్టిన పరిమితి ముప్పై రెట్లు. ఆ లెక్కన 1085 డాలర్ల బేరానికి మన జేబులోంచి సుమారు 36 డాలర్లు పెడితే చాలు. ధర 32 పిప్పులు పడితే యూరో తగ్గింది నూటికి మూడో వంతు కూడా కాదు. మనం పెట్టిన డబ్బులో మాత్రం దాదాపు తొమ్మిది శాతం పోయింది.

మన దగ్గర నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో డాలరు–రూపాయి ఫ్యూచర్స్ ఒప్పందం వెయ్యి డాలర్లది. ధర కదిలే కనీస మెట్టు పావు పైసా, అంటే ఒప్పందానికి రెండున్నర రూపాయలు. 84.2500కి కొని 84.3750కి అమ్మితే పన్నెండున్నర పైసలు, 125 రూపాయలు. బ్రోకరేజీ, పన్నులు అందులోంచే పోతాయి. అయితే రూపాయి ఉన్న ఈ ఒప్పందాలు నిజంగా విదేశీ మారకపు అవసరం ఉన్నవాళ్లకే అని రిజర్వ్ బ్యాంకు 2024లో గట్టిగా చెప్పింది. ఇక ఫోన్‌లో ప్రకటనలిచ్చే విదేశీ వేదికల సంగతికొస్తే, అనుమతి లేని వాటి జాబితా రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైటులో ఉంది. అందులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని కూడా అక్కడే రాశారు.