సీరం రంగు చేసే మోసం

రక్తాన్ని గాజు గొట్టంలో కాసేపు కదపకుండా ఉంచితే గడ్డ కడుతుంది. దాన్ని యంత్రంలో గిర్రున తిప్పితే పైన తేరుకునే లేత పసుపు ద్రవమే సీరం. ఒక్కోసారి ఇది ఎర్రగానో, ముదురు పసుపుగానో, పాలలా తెల్లగానో ఉంటుంది. అప్పుడు పరీక్ష ఫలితాన్ని నమ్మవచ్చునా?

గ్లూకోజు పరీక్షనే తీసుకుందాం. సీరంలో రసాయనాలను కలిపితే ముందు గ్లూకోజు నుంచి హైడ్రోజన్ పెరాక్సైడు పుడుతుంది. అది మరికొన్ని రసాయనాలతో కలిసి గులాబీ రంగునిస్తుంది. గ్లూకోజు ఎక్కువైతే రంగు చిక్కనవుతుంది. ఈ ద్రావణం గుండా 505 నానోమీటర్ల కాంతిని పంపి, ఎంత తగ్గిందో కొలుస్తారు. ఈ కొలతే శోషణం.

100 మిల్లీగ్రాముల గ్లూకోజుకు శోషణం 0.300 అనుకుందాం. పరగడుపున వచ్చిన ఒక రోగికి నిజంగా ఉన్నది 90. అంటే 0.270 రావాలి. కాని అతని సీరంలో కొవ్వు కణాలు తేలుతున్నాయి. అవి కాంతిని చెదరగొట్టి మరో 0.120 కలిపాయి. మొత్తం 0.390, యంత్రం 130 అని చూపుతుంది! పరగడుపున 126 దాటితే మధుమేహమని అనుమానిస్తారు. లేని జబ్బు అంటగట్టినట్లే కదా!

దీనికొక ఉపాయం ఉంది. అంతే సీరాన్ని రసాయనాలకు బదులు ఉప్పునీటిలో కలిపి కొలిస్తే 0.120 వస్తుంది. దాన్ని తీసివేస్తే అసలు లెక్క తేలుతుంది.

పచ్చకామెర్ల రోగి సీరంలో ఈ ఉపాయం చాలదు. అందులోని బిలిరుబిన్ తన పసుపు రంగును కలపడమే కాదు, హైడ్రోజన్ పెరాక్సైడులో కొంత తానే వాడుకుంటుంది. గులాబీ రంగు తగ్గి, గ్లూకోజు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఉప్పునీటిలో ఈ చర్య జరగదు కాబట్టి తీసివేతతో లోటు తీరదు.

అందుకే నేటి యంత్రాలు సీరాన్నే ముందుగా పరీక్షిస్తాయి. దాన్ని ఉప్పునీటితో పలుచన చేసి మూడు చోట్ల కాంతిని కొలుస్తాయి. 660 నానోమీటర్ల ఎర్రని కాంతిని హీమోగ్లోబిన్, బిలిరుబిన్ దాదాపు పీల్చవు. అక్కడి తగ్గుదల కొవ్వు మసకదే. 570 దగ్గర హీమోగ్లోబిన్, 480 దగ్గర బిలిరుబిన్ బయటపడతాయి. మసక వాటాను తీసివేశాక మూడు సూచికలు వస్తాయి. కంటిచూపు దీనికి సాటిరాదు. ముదురు పసుపు చాటున కొద్దిపాటి ఎరుపు దాగిపోతుంది.

ప్రతి పరీక్షకూ ఈ సూచికల హద్దులు వేరు. కొవ్వు సూచిక హద్దు దాటితే సీరాన్ని అతివేగంగా తిప్పి, పైకి తేలిన కొవ్వును వేరుచేసి మళ్ళీ కొలవవచ్చు. ఎరుపు హద్దు దాటితే మాత్రం ఎర్రకణాలు పగిలి, లోపలి పదార్థాలు సీరంలో కలిసిపోయాయన్నమాట. సూదిలోంచి రక్తాన్ని బలంగా లాగినా, గొట్టాన్ని గట్టిగా కుదిపినా ఇలా జరుగుతుంది. వాటిని తిరిగి వేరుచేయలేం. రక్తాన్ని మళ్ళీ జాగ్రత్తగా తీయవలసిందే.