షూటింగుకు ముందే వేయాల్సిన టీబీల లెక్క

డాక్యుమెంటరీ తీయడానికి సిద్ధమైన బృందం బడ్జెట్ కాగితం చూడండి. కెమెరా అద్దె, కారు, డీజిల్, బస, భోజనాలు అన్నీ వరసగా ఉంటాయి. హార్డ్ డిస్కుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఓ నాలుగు టీబీది చాల్లే’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ నాలుగు ఎలా వచ్చిందని అడిగితే చెప్పేవాళ్లుండరు. షూటింగ్ సగంలో డిస్కు నిండిపోతే ఆ రాత్రి ఏదో ఒకటి చెరిపి చోటు చేయాలి. నిద్రకళ్లతో తప్పు ఫోల్డర్ డిలీట్ చేసేది అలాంటి రాత్రుల్లోనే. అదృష్టం కొద్దీ ఈ లెక్కకు గుణకారాలు వస్తే సరిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చేనేత మీద గంటన్నర డాక్యుమెంటరీ. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ, మొత్తం ఆరు ఊళ్లు. ఊరికి నాలుగు రోజుల చొప్పున 24 రోజుల షూటింగ్. రెండు కెమెరాలు, అప్పుడప్పుడు డ్రోన్.

మొదట చూడాల్సింది కెమెరా మెనూలో రికార్డింగ్ సెట్టింగ్ పక్కన కనిపించే అంకె. సోనీ ఎఫ్ఎక్స్3 వంటి కెమెరాలో 4కె, సెకనుకు 25 ఫ్రేములు, 10 బిట్ ఎంచుకుంటే అక్కడ `140M` అని ఉంటుంది. అంటే సెకనుకు 140 మెగాబిట్లు. డిస్కులను కొలిచేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 140ని 8తో భాగిస్తే సెకనుకు 17.5 మెగాబైట్లు. గంటకు 3,600 సెకన్లు, అంటే 63 జీబీ. చాలామంది తడబడేది ఇక్కడే. `Mbps`లో చిన్న b బిట్లకు, `MB/s`లో పెద్ద B బైట్లకు గుర్తు. ఆ ఒక్క అక్షరం మారితే లెక్క ఎనిమిది రెట్లు తప్పుతుంది. గుణించే ఓపిక లేకపోతే దీన్ని గుర్తుపెట్టుకుంటే చాలు: మెనూలో ఉన్న ప్రతి 100కి గంటకు 45 జీబీ.

ఇక రోజుకు ఎన్ని గంటలు? దీనికి ఏ మెనూలోనూ జవాబు దొరకదు, తీసేవాళ్ల అలవాటును బట్టి ఉంటుంది. పొద్దుట ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా షూటింగ్ చేసినా కెమెరా నిజంగా తిరిగేది మూడు గంటలకు మించకపోవచ్చు. కానీ చేనేత లాంటి విషయంలో ఒక ప్రమాదముంది. పోచంపల్లిలో నూలుకు ముందే కట్లు కట్టి రంగులద్దే పని తీరిగ్గా, గంటల తరబడి సాగుతుంది. రెండో కెమెరాను స్టాండ్ మీద పెట్టి ‘తిరుగుతూ ఉండనీ’ అని వదిలేయాలనిపిస్తుంది. అలా వదిలేసే అలవాటున్న కెమెరామన్ మీ బృందంలో ఉంటే ఆ గంటలు కూడా కలుపుకోండి.

మన ఉదాహరణలో మొదటి కెమెరా రోజుకు మూడు గంటలు, అంటే 189 జీబీ. రెండోది 100 మెగాబిట్ల సెట్టింగులో రెండు గంటలు, 90 జీబీ. డ్రోన్ కూడా అదే స్థాయిలో అరగంట, 22 జీబీ. విడిగా రికార్డ్ చేసే సౌండ్ ట్రాకుకు గంటకు అర జీబీ మాత్రమే, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అన్నీ కలిపితే రోజుకు 300 జీబీ. 24 రోజులకు 7.2 టీబీ.

ఇంతకుముందు చెప్పిన నాలుగు టీబీ ఇప్పుడే చాలకుండా పోయింది. దీనికి 30 శాతం అదనం కలపాలి. వాన పడి ఒక రోజు పొడిగించవచ్చు, ఉప్పాడలో మరో నేతగాడు మంచి కథ చెప్పవచ్చు. అలా 9.4 టీబీ అవుతుంది.

ఇదే చోట కెమెరా సెట్టింగును ఒక మెట్టు పైకి మారిస్తే ఏమవుతుందో కూడా చూడాలి. అదే కెమెరాలో ప్రతి ఫ్రేమునూ విడిగా దాచే ‘ఆల్ ఇంట్రా’ పద్ధతి పెడితే అంకె 250కి చేరుతుంది. మొదటి కెమెరా రోజువారీ వాటా 189 నుంచి 337 జీబీకి పెరుగుతుంది. బయటి రికార్డరు తగిలించి 4కెలో ప్రోరెస్ 422 హెచ్‌క్యూ రికార్డ్ చేస్తే సెకనుకు 737 మెగాబిట్లు, గంటకు 330 జీబీ పైమాటే. మూడు గంటలకు ఒక టీబీ. ఇంటర్వ్యూలు, మగ్గం షాట్లు ఉన్న డాక్యుమెంటరీకి అంత అవసరమని నాకనిపించదు. తీసుకునేవాళ్లు ఆ ఒక్క నొక్కుడుతో డిస్కుల ఖర్చు ఎన్ని రెట్లవుతుందో ముందు చూసుకుని తీసుకోవాలి.

ఫుటేజ్ లెక్క అయిపోయింది, ప్రాజెక్టు లెక్క ఇంకా ఉంది. ఎడిటింగ్ సాఫీగా సాగడానికి తేలికపాటి నకళ్లు, అంటే ప్రాక్సీలు చేసుకుంటారు. మనకు 132 గంటల ఫుటేజ్ ఉంది. ప్రోరెస్ ప్రాక్సీలో, 1080 సైజులో చేస్తే గంటకు 17 జీబీ, మొత్తం 2.3 టీబీ. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తన పనికోసం రాసుకునే క్యాషే ఫైళ్లకు, సంగీతానికి, టైటిళ్లకు అర టీబీ. చివరికి గంటన్నర సినిమా హెచ్‌క్యూ మాస్టర్ ఒక్కటే అర టీబీ. సబ్‌టైటిళ్లతో ఒకటి, లేకుండా ఒకటి, కుదించింది ఒకటి అనుకుంటే మాస్టర్లకు ఒకటిన్నర టీబీ కేటాయించాలి.

ఇప్పుడు డిస్కులు. అంతా ఒకే డిస్కులో కుక్కాలనుకోవద్దు. పనులు మూడు రకాలు: ఊరికి మోసుకెళ్లేది, ఎడిటింగ్ నడిచేది, ఇంట్లో భద్రంగా ఉండేది.

ఊరికి వెళ్లేటప్పుడు ఎస్ఎస్‌డీలే తీసుకెళ్లాలి. తిరిగే పళ్లెం ఉన్న హార్డ్ డిస్కు నడుస్తుండగా మంచం మీంచి జారిపడితే డేటా మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలే లేవు. ఒక ఊరికి నాలుగు రోజులు, 1.2 టీబీ, అదనంతో కలిపి 1.6. కాబట్టి రెండు టీబీల ఎస్ఎస్‌డీలు రెండు. రెండింటిలోనూ అదే ఫుటేజ్ ఉండాలి, రెండూ ఒకే సంచీలో ఉండకూడదు. కాపీ చేసేటప్పుడు లాగి వదలడం కాకుండా, మూలాన్ని, నకలును పోల్చి చూసే చెక్‌సమ్ సౌకర్యమున్న సాఫ్ట్‌వేర్ వాడాలి. డావిన్చీ రిజాల్వ్‌లోనే క్లోన్ టూల్ ఉంది, అది చాలు. రెండు నకళ్లు సరిచూసేదాకా మెమొరీ కార్డును ఫార్మాట్ చేయకూడదు. అందుకే కార్డులు కూడా కనీసం రెండు రోజులకు సరిపడా ఉండాలి.

ఖరీదైన ఎస్ఎస్‌డీ కొని పాత కార్డు రీడర్ వాడితే ఫలితముండదు. 300 జీబీని సెకనుకు 250 మెగాబైట్లు చదివే రీడర్, కార్డులతో తీస్తే ఇరవై నిమిషాలు. మామూలు కార్డు 90కి అటూఇటూగా చదువుతుంది, దాదాపు గంట. పొరపాటున యూఎస్‌బీ 2.0 కేబుల్ దొరికితే 40కి మించదు, రెండు గంటలు దాటుతుంది. అది కూడా ఒక్క నకలుకే, సరిచూసే సమయం వేరు. లాడ్జికి తిరిగొచ్చి స్నానం చేసి భోంచేసేసరికి అయిపోవాల్సిన పని అర్ధరాత్రికి వెళ్లిపోతుంది.

ఎడిటింగ్ టేబుల్ మీద నాలుగు టీబీల ఎస్ఎస్‌డీ ఒకటి. ప్రాక్సీలు, క్యాషే, ప్రాజెక్టు ఫైళ్లు అందులో. అసలు ఫుటేజ్ హార్డ్ డిస్కులోనే ఉండొచ్చు. రెండు కెమెరాల దృశ్యాలు కలిపి నడిపినా సెకనుకు 30 మెగాబైట్లే కావాలి, మంచి 7,200 ఆర్‌పీఎం డిస్కు 200 దాకా ఇస్తుంది. కాకపోతే టైమ్‌లైనులో అటూ ఇటూ దూకినప్పుడల్లా డిస్కులోని చదివే ముల్లు చోటు మారాలి, అక్కడ తడబాటు మొదలవుతుంది. ప్రాక్సీలను ఎస్ఎస్‌డీలో పెట్టేది అందుకే. ఒక హెచ్చరిక. వీడియో ఆగి ఆగి ఆడుతుంటే వెంటనే డిస్కును తిట్టకండి. విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. డిస్కు వాడకం పది శాతం దగ్గరుండి ప్రాసెసర్ వంద శాతం ఉంటే, కొత్త డిస్కు కొన్నా ఏమీ మారదు.

భద్రంగా ఉంచే పనికి పెద్ద హార్డ్ డిస్కులే సరి, టీబీకి అయ్యే ఖర్చు తక్కువ. ఫుటేజ్ 9.4, మాస్టర్లు 1.5, మొత్తం 10.9 టీబీ. 12 టీబీది కొంటే దాదాపు అంచుదాకా నిండుతుంది, నిండేకొద్దీ హార్డ్ డిస్కు నెమ్మదిస్తుంది. 16 టీబీవి రెండు తీసుకుని, ఒకటి ఎడిటింగ్ గదిలో, రెండోది వేరే ఇంట్లో ఉంచాలి. రెండు డిస్కులను ఒకే పెట్టెలో పెట్టి అద్దంలా ఒకదాన్నొకటి అనుసరించేలా చేసే రెయిడ్ పద్ధతిని కొందరు బ్యాకప్ అనుకుంటారు. అందులో ఒక ఫోల్డర్ చెరిపితే రెండో దాంట్లోనూ అదే క్షణంలో పోతుంది. ఇంకో మాట, 16 టీబీ డిస్కు విండోస్‌లో 14.5 అని కనబడితే దుకాణంవాడు మోసం చేసినట్టు కాదు. తయారీదారు వెయ్యిల చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1,024ల చొప్పున లెక్కిస్తుంది.

నిజమైన మోసం వేరేచోట ఉంది. ఆన్‌లైన్‌లో నమ్మలేనంత చవకగా ‘16 టీబీ ఎస్ఎస్‌డీ’ అని కొన్ని కనిపిస్తాయి. లోపల ఉండేది చిన్న మెమొరీ కార్డు, కంప్యూటరుకు మాత్రం 16 టీబీ అని చెప్పేలా దాన్ని మార్చి ఉంటారు. ఫైళ్లు ఎక్కినట్టే కనిపిస్తాయి, తెరిస్తే ఉండవు. కొన్నరోజే `H2testw` అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో డిస్కు మొత్తం నింపి తిరిగి చదివిస్తే అసలు సంగతి బయటపడుతుంది. మంచి కంపెనీ డిస్కుల్లోనూ ఒక తేడా గమనించాలి. కొన్ని హార్డ్ డిస్కులు ‘ఎస్ఎంఆర్’ పద్ధతిలో, ట్రాకుల మీదికి ట్రాకులు కొంత ఎక్కేలా రాస్తాయి. మొదట వేగంగానే ఉంటాయి, వందల జీబీలు ఆగకుండా ఎక్కిస్తుంటే ఒక్కసారిగా చతికిలపడతాయి. రోజూ 300 జీబీ దించేవాళ్లు డేటాషీట్‌లో ‘సీఎంఆర్’ అని రాసి ఉన్నదే తీసుకోవాలి.

సినిమా పూర్తయ్యాక ఫుటేజ్‌ను ఎస్ఎస్‌డీలో వేసి బీరువాలో పెట్టేయడం కూడా మంచిది కాదు. బాగా వాడి అరిగిన మామూలు ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా, 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది డేటా నిలపాలన్నదే పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం. మే నెల విజయవాడలో బీరువా ఎంత వేడెక్కుతుందో చెప్పనక్కర్లేదు. దీర్ఘకాలం దాచడానికి హార్డ్ డిస్కులే నయం. వాటినీ ఏడాదికోసారి నడిపి, చెక్‌సమ్‌తో సరిచూడాలి.

ఇదంతా కాగితం మీది లెక్క. మొదటి ఊరి షూటింగ్ కాగానే దీన్ని నిజంతో పోల్చాలి. పోచంపల్లి నాలుగు రోజులకు 1.2 టీబీ అనుకున్నది 1.36 వచ్చిందంటే రోజుకు 340 జీబీ. 24 రోజులకు 8.2 టీబీ, అదనంగా పెట్టుకున్న చోటులో సర్దుకుంటుంది. అదే 1.68 వస్తే రోజుకు 420, మొత్తం 10.1 టీబీ, మన 9.4 దాటినట్టే. 16 టీబీ డిస్కులో చోటుంటుంది గానీ ఊరికి మోసుకెళ్లే రెండు టీబీల ఎస్ఎస్‌డీల్లో వెసులుబాటు తగ్గిపోతుంది. గద్వాల బయల్దేరేలోపు వాటి స్థానంలో నాలుగు టీబీలవి కొనడమా, మగ్గం ముందు తిరుగుతూ వదిలేసిన రెండో కెమెరాను ఆపడమా, ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి.