జాతీయవాదంపై వ్యాసం: మొదటి పేరా రాయడం

ఈ ప్రశ్న తీసుకుందాం: "1913–1920 మధ్య ఆంధ్రోద్యమం భారత జాతీయవాదానికి ఆటంకమా, అందులో భాగమా? చర్చించండి." దీనికి చాలామంది విద్యార్థులు రాసే ప్రారంభం దాదాపు ఇలా ఉంటుంది:

"జాతీయవాదం ఎంతో గొప్ప భావన. ప్రాచీన కాలం నుంచి మానవుడు తన దేశాన్ని ప్రేమిస్తూ వచ్చాడు. ఎందరో మహానుభావులు దేశం కోసం త్యాగాలు చేశారు. ఈ వ్యాసంలో ఆంధ్రోద్యమం గురించి వివరంగా తెలుసుకుందాం."

ఇందులో భాషాదోషం ఏమీ లేదు. కాని చివరి వాక్యం తీసేస్తే ఈ పేరాను స్వదేశీ ఉద్యమంపై వ్యాసానికైనా, ఇటలీ ఏకీకరణపై వ్యాసానికైనా అతికించవచ్చు. పైగా రెండో వాక్యం దేశాభిమానాన్ని, జాతీయవాదాన్ని ఒకటి చేసింది. పుట్టిన ఊరిమీద, నేలమీద మమకారం చాలా పాతది. ప్రజలే ఒక జాతి అనీ, ఆ జాతికి సొంత రాజ్యం ఉండాలనీ చెప్పే సిద్ధాంతం మాత్రం ఆధునికమైనదని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. వారు దాన్ని 18వ శతాబ్దం చివరి నుంచి, ముఖ్యంగా 1789 ఫ్రెంచి విప్లవం నుంచి లెక్కిస్తారు.

ముందుగా సందర్భం. ఇక్కడ బ్రిటిష్ పాలన చరిత్ర అంతా అక్కరలేదు. ప్రశ్నలోని వివాదం ఎక్కడ పుట్టిందో చూపే రెండు మూడు విషయాలు చాలు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది; మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలకు ప్రత్యేక రాష్ట్రం విషయం అక్కడ చర్చకు వచ్చింది. 1917 కలకత్తా కాంగ్రెసులో ఆంధ్రకు ప్రత్యేక కాంగ్రెసు శాఖ కావాలన్నప్పుడు అనీబిసెంట్ వ్యతిరేకించారు, తిలక్ సమర్థించారు. 1920లో నాగపూర్ కాంగ్రెసు తన రాష్ట్ర శాఖలన్నిటినీ భాషల ప్రాతిపదికపై ఏర్పరచుకుంది.

అసలు చిక్కు నిర్వచనంలో ఉంది. తెలుగులో రాసేవారికి ఇది మరీ ఎక్కువ. "భారతజాతి" అంటాం, "ఆంధ్రజాతి" అంటాం, "స్త్రీజాతి" అంటాం, కులానికీ ఆ మాటే వాడతాం. ఈ మాటకు మీరు ఏ అర్థం తీసుకుంటే జవాబు అటే పోతుంది. ఎర్నెస్ట్ గెల్నర్ 1983లో వెలువడిన గ్రంథంలో జాతీయవాదాన్ని ఒక రాజకీయ సూత్రంగా నిర్వచించాడు: రాజ్యపు ఎల్లలూ జాతి ఎల్లలూ ఒకటి కావాలనేది ఆ సూత్రం. ఈ అర్థంలో ఆంధ్రోద్యమం జాతీయవాదం కాదు. అది కోరింది భారతదేశంలోనే ఒక రాష్ట్రాన్ని, వేరే రాజ్యాన్ని కాదు. అలా కాక జాతి అంటే ఒకే భాష, సంస్కృతి గల సముదాయం అనుకుంటే, అదీ ఒక జాతీయవాదమే అవుతుంది. అప్పుడు రెండు జాతీయవాదాల మధ్య పోటీ ఉందా అనే ప్రశ్న లేస్తుంది. రెండు అర్థాలూ చెల్లుతాయి. ఒకటి ఎంచుకుని, ఎంచుకున్నట్టు చెప్పాలి. నిఘంటువులోని అర్థం ఎత్తి రాస్తే ఈ పని జరగదు.

ఇక వాదన. "ఆంధ్రోద్యమానికి చరిత్రలో ముఖ్యస్థానం ఉంది" అనేది వాదన కాదు, దాన్ని కాదనేవారు ఉండరు. మీ వాక్యాన్ని తిరగేసి చూడండి. తిరగేసిన మాటను ఆ కాలపు మనిషి ఎవరైనా నిజంగా నమ్మి ఉండే అవకాశం ఉంటే అది వాదన. ఇప్పుడు పేరాను మళ్ళీ రాద్దాం:

"మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఆలోచన 1913 బాపట్ల ఆంధ్ర మహాసభతో బహిరంగ చర్చకు వచ్చింది. ఇది జాతీయోద్యమాన్ని బలహీనపరుస్తుందని కొందరు నాయకులు భావించారు. ఈ వ్యాసంలో జాతీయవాదం అంటే ఒక జాతికి సొంత రాజ్యం ఉండాలనే రాజకీయ సూత్రం. ప్రాంతీయ స్పృహ అంటే ఆ రాజ్యం లోపలే తన భాషకు పాలనాపరమైన గుర్తింపు కోరడం. ఈ అర్థాలలో 1913–1920 ఆంధ్రోద్యమం భారత జాతీయవాదానికి పోటీ కాదని, కాంగ్రెసు రాజకీయాలు ప్రజల భాషలోకి రావడానికి అది దారి చూపిందని ఈ వ్యాసం వాదిస్తుంది. 1920 నాగపూర్ నిర్ణయం ఇందుకు ప్రధాన ఆధారం."

ఇందులో "మద్రాసు ప్రెసిడెన్సీలోని" అన్న మాట తీసేయకండి. అది లేకపోతే నైజాం రాజ్యంలోని తెలుగువారి గురించి కూడా మీరు చెబుతున్నట్టు అవుతుంది. అక్కడ ఆంధ్ర జన సంఘం 1921లో పుట్టింది, దాని పరిస్థితులు వేరు. అలాగే ఈ వాదనను 1952 నాటి పొట్టి శ్రీరాములు దీక్ష దాకా సాగదీస్తే తెగిపోతుంది. అప్పటికి పరాయి పాలన లేదు, కోరిక వినిపించవలసింది స్వతంత్ర భారత ప్రభుత్వానికే.

వ్యాసం పూర్తయ్యాక "జాతి" అన్న ప్రతి మాట కింద పెన్సిలుతో గీత గీయండి. మూడో పుటలో "ఆంధ్రజాతి మేల్కొంది" అని కనబడితే, మొదటి పేరాలో ఇచ్చిన నిర్వచనం మీ చేతిలోనే జారిపోయిందన్నమాట. అక్కడ "ఆంధ్రులు" అని మార్చండి.