లోపాల జాబితాలోనే అసలు గుట్టు!

*'ఫలానా కంప్యూటర్ భాషలో రాస్తే తప్పులు తక్కువ' అని పరిశోధకులు తేల్చేస్తే నమ్మేయొచ్చా? జవాబు చాలాసార్లు ఆ పత్రం చివరి పేజీల్లోనే ఉంటుంది.*

సాఫ్ట్‌వేర్ పరిశోధన పత్రాల్లో చివరగా 'థ్రెట్స్ టు వాలిడిటీ' అని ఓ చిన్న విభాగం కనిపిస్తుంది. తమ లెక్క ఎక్కడ తప్పొచ్చో రచయితలే చెప్పుకునే చోటది. మొక్కుబడి తంతు అనుకుని చాలామంది దాటేస్తారు. అలా దాటేస్తే ఏం పోతుందో 2014లో వచ్చిన ఓ పత్రం చూస్తే తెలుస్తుంది.

అమెరికా పరిశోధకులు గిట్‌హబ్‌లోని 729 ప్రాజెక్టుల్ని, 17 ప్రోగ్రామింగ్ భాషల్ని పరిశీలించారు. కోడ్ మార్చినప్పుడల్లా ప్రోగ్రామర్లు ఓ చిన్న సందేశం రాస్తారు. అందులో `bug`, `fix` లాంటి మాటలుంటే తప్పు దిద్దినట్టు లెక్క. అది ఏ భాషన్నది ఫైలు పేరు చివరి అక్షరాల్ని బట్టి తేల్చారు. 11 భాషల విషయంలో తప్పులు ఎక్కువనో తక్కువనో సంబంధం కనిపించిందన్నారు. తేడా స్వల్పమేననీ చెప్పారు.

మాటల్ని బట్టి లెక్కిస్తే తప్పుల సంఖ్య పెరిగిపోవచ్చనీ, ఫైలు పేరు చూసి భాషను పొరబడవచ్చనీ ఆ విభాగంలో వాళ్లే రాశారు. అక్కడ ఆగి ఓ ప్రశ్న వేసుకోవాలి: ఈ పొరపాటే జరిగితే ఏ అంకె, ఎటు మారుతుంది?

రెండు పొరపాట్లు

`fix` కోసం వెతికితే `prefix` కూడా దొరుకుతుంది. అన్ని భాషల్లోనూ సమానంగా దొరికితే పోలికకు నష్టం లేదు. ఒక భాషవాళ్లకే ఆ మాట వాడే అలవాటు ఎక్కువుంటే మాత్రం, తప్పులు లేకున్నా ఉన్నట్టే!

రెండోది `.ts`. టైప్‌స్క్రిప్ట్ ఫైళ్ల పేర్లు అలాగే ముగుస్తాయి. కొన్ని అనువాద ఫైళ్ల పేర్లూ అంతే. టైప్‌స్క్రిప్ట్ విడుదలైంది 2012లో. ఈ లెక్కలో దాని మొదటి మార్పు తేదీ 2003! కొన్ని ఫైళ్లను యాదృచ్ఛికంగా ఎంచి సరిచూశామన్నారు రచయితలు. కానీ అలాంటి నమూనాలో పెద్ద భాషల ఫైళ్లే ఎక్కువ పడతాయి, చిన్న భాషలోని పొరపాటు తప్పించుకుంటుంది.

మళ్లీ లెక్కిస్తే...

2019లో మరో బృందం అదంతా తిరిగి లెక్కించింది. తప్పు దిద్దినట్టు గుర్తించిన మార్పుల్లో కొన్నింటిని ప్రోగ్రామర్లతో చదివిస్తే 36 శాతం అసలు అలాంటివి కావని తేలింది. 11 భాషలు నాలుగయ్యాయి. వాటిలోనూ తేడా అతి స్వల్పం. మొదటి రచయితలు దీన్ని ఒప్పుకోలేదు, ఖండిస్తూ జవాబు రాశారు.

ఆ విభాగంలో లేనిదీ ఒకటుంది. అన్ని భాషల్ని ఒకేసారి పరీక్షిస్తే ఒకటీ రెండూ కాకతాళీయంగానూ తేడా చూపిస్తాయి. దానికి సవరణ చేయాలన్నది రెండో బృందం వాదన. అందుకే రాసిన లోపాల్ని తూకం వేయాలి, రాయని వాటిని వెతకాలి. ఆ తర్వాతే పత్రం మొదట్లోని గొప్ప ముగింపును నమ్మాలో లేదో తేల్చుకోవాలి.