ఏటీఎం కార్డుపై పేరు మొత్తం క్యాపిటల్ లెటర్సే ఎందుకు? పొడవాటి పేర్లు సగంలో ఎందుకు తెగిపోతాయి? అసలు కారణం ఇదే..

పర్సులోంచి మీ ఏటీఎం కార్డు ఒక్కసారి బయటకు తీయండి. పేరు ఎలా ఉంది? అన్నీ పెద్ద ఏబీసీడీలే. పాస్‌బుక్‌లో, ఆధార్‌లో చిన్నక్షరాలు కలిసి ఉన్నా సరే, కార్డు మీదకి వచ్చేసరికి అంతా క్యాపిటల్సే. పేరు కాస్త పొడవైతే ఇంకో తంటా. ఇంటిపేరు కె అవుతుంది, వెంకట వి అవుతుంది. ఒక్కోసారి చివరి అక్షరం కూడా ఎగిరిపోతుంది. బ్యాంకు వాళ్లు సరిగా టైప్ చేయలేదని చాలామంది అనుకుంటారు. కానీ చాలాసార్లు తప్పు టైప్ చేసినవాళ్లది కాదు. కార్డు వెనకున్న నల్ల పట్టీది.

ముందు కార్బన్ పేపర్, తర్వాత నల్ల పట్టీ

పాత క్రెడిట్ కార్డుల మీద నంబరు, పేరు చేతికి తగిలేలా పైకి ఉబ్బి ఉండేవి. అవి అందం కోసం కాదు. షాపులో కార్డుని ఒక చిన్న పరికరంలో పెట్టి, పైన కార్బన్ ఉన్న స్లిప్ వేసి, రోలర్‌ని అటూ ఇటూ లాగేవారు. ఉబ్బిన అక్షరాలు స్లిప్ మీద అచ్చు పడేవి. ఆ స్లిప్పే బ్యాంకుకు వెళ్లేది. అచ్చు మసకగా పడితే డబ్బు రావడం ఆలస్యం. అందుకే దూరం నుంచి కూడా తెలిసే అక్షరాలు కావాలి. పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. చిన్న జీ, చిన్న వై లాంటివి గీత కిందికి వేలాడతాయి. చిన్న ఈ, చిన్న ఏ లోపలి సందులు కార్బన్‌తో పూడుకుపోతాయి. పైగా ఉబ్బెత్తు అక్షరం కొట్టే మెషీన్‌లో ప్రతి అక్షరానికీ విడిగా ఒక అచ్చు జత ఉండాలి. చిన్నక్షరాలు కూడా కావాలంటే మరో 26 జతలు పెట్టాలి.

ఆ రోలర్ యంత్రాలు పోయాయి. ఇప్పుడు చాలా కార్డుల మీద పేరు నున్నగానే ఉంటోంది. మరి క్యాపిటల్స్ ఎందుకు పోలేదు? ఇక్కడే నల్ల పట్టీ వస్తుంది.

ఆ పట్టీలో సమాచారం వరసలుగా ఉంటుంది. వాటిని ట్రాక్‌లు అంటారు. పేరు ఉండేది మొదటి ట్రాక్‌లో. దీన్ని రూపొందించింది బ్యాంకులు కాదు, విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ. టికెట్ల పని కోసం తయారైన ట్రాక్ అన్నమాట. బ్యాంకుల కోసం అమెరికా బ్యాంకర్ల సంఘం తయారుచేసింది రెండో ట్రాక్. అందులో పేరుకి చోటే లేదు. కార్డు నంబరు, గడువు లాంటి అంకెలే ఉంటాయి. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

మొదటి ట్రాక్‌లో ఒక్కో అక్షరానికి 6 బిట్లు ఇచ్చారు, తప్పు పట్టుకోవడానికి ఇంకో బిట్ అదనం. 6 బిట్లంటే మొత్తం 64 గుర్తులు మాత్రమే. లెక్క వేద్దాం. పెద్దక్షరాలు 26, చిన్నక్షరాలు 26, అంకెలు 10. మొత్తం 62. మిగిలింది రెండు. కానీ ఖాళీకి ఒక గుర్తు కావాలి. చుక్కకి ఒకటి, ట్రాక్ మొదలుకి ఒకటి, చివరకి ఒకటి, మధ్యలో విడగొట్టడానికి ఇంకోటి. ఎక్కడ సరిపోతాయి? అందుకే చిన్నక్షరాలను పూర్తిగా పక్కన పెట్టేశారు. ఆ పట్టీ మీద చిన్న ఏ రాయడం కష్టం కాదు, అసలు కుదరదు. పట్టీలో ఉన్న పేరు, పైన అచ్చయిన పేరు ఒకేలా ఉండాలి కాబట్టి ముఖం మీద కూడా క్యాపిటల్సే మిగిలాయి.

26 దాటితే కోతే

ఈ ట్రాక్‌కి ఐఎస్‌వో 7813 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ట్రాక్ మొత్తం 79 అక్షరాలు. అందులో పేరుకి కనీసం 2, గరిష్ఠంగా 26. ఖాళీలు, చుక్కలు కూడా ఆ 26లోకే వస్తాయి. తర్వాత వచ్చిన చిప్‌లో కూడా పేరుకి అదే 2 నుంచి 26 లెక్కని ఉంచారు.

పాశ్చాత్య దేశాల్లో రెండు ముక్కల పేర్లకి 26 ఎక్కువే. మన పేర్లకి? ఇంటిపేరు, తాతగారి పేరు, మొక్కుకున్న దేవుడి పేరు, పిలిచే పేరు.. అన్నీ కలిపి రాసే ఊళ్లు మనవి. ఉదాహరణకి ఒక పేరు అనుకుందాం:

```
KONDAPALLI VENKATA SATYA SURYANARAYANA MURTHY
```

ఖాళీలతో కలిపి లెక్కపెడితే 45 వస్తుంది. కార్డులో చోటు 26. సిస్టమ్ ఏమీ ఆలోచించకుండా ఎడమ నుంచి 26 దగ్గర కత్తిరిస్తే ఏమవుతుందో చూడండి:

```
KONDAPALLI VENKATA SATYA S
```

సూర్యనారాయణ మూర్తిగారు సత్య అయిపోయారు! ఊళ్లో అందరూ పిలిచే పేరు ఒక్క ఎస్ దగ్గర ఆగిపోయింది. మూర్తి ఆనవాలే లేదు. ఇలా కాకుండా మన పద్ధతిలో ముందు మాటలని పొడి అక్షరాలు చేస్తే:

```
K V S SURYANARAYANA MURTHY
```

సరిగ్గా 26. ఒక్కటి కూడా ఎక్కువ లేదు. కానీ బ్రాంచ్‌లో ఎవరైనా పద్ధతిగా చుక్కలు పెట్టి `K.V.S. SURYANARAYANA MURTHY` అని కొట్టారనుకోండి. అది 27. చివరి వై పోయి `MURTH` అని అచ్చవుతుంది. అక్షరం తగ్గడానికి కారణం ఆ చుక్కలేనని ఎవరికి తడుతుంది? మూర్తిలో హెచ్ లేకుండా రాసే అలవాటు ఉంటే మాత్రం చుక్కలతో సహా సరిపోయేది. అలాగని కార్డు కోసం స్పెల్లింగ్ మార్చకూడదు, పాన్‌తో తేడా వస్తుంది.

పట్టీ లోపల మాత్రం ఇదే పేరు ఇంకోలా ఉండొచ్చు. ప్రమాణం ప్రకారం ఇంటిపేరు ముందు, తర్వాత ఒక గీత, ఆ తర్వాత మిగతా పేరు. చివరి మాటే ఇంటిపేరు అనుకునే సాఫ్ట్‌వేర్ అయితే ఇలా రాస్తుంది. ఇందులో కార్డు నంబరు బదులు సున్నాలు పెట్టాం:

```
%B0000000000000000^MURTHY/K V S SURYANARAYANA^3012201...?
```

షాపులో ఇచ్చే స్లిప్ మీద పేరు తిరగేసి, మధ్యలో గీతతో కనిపించిందా? కంగారు పడొద్దు. మెషీన్ మీ కార్డు లోపల ఉన్నది ఉన్నట్టు అచ్చు వేసింది, అంతే.

26 అనేది గరిష్ఠ హద్దు మాత్రమే. కొన్ని కార్డుల డిజైన్‌లో చోటు తక్కువ. అప్పుడు బ్యాంకు ఇంకా తక్కువ గళ్లే ఇస్తుంది. అలాంటప్పుడు సూర్యనారాయణని కూడా ఎస్ ఎన్‌గా విడగొట్టి `K V S S N MURTHY` అని రాయాల్సి వస్తుంది. ఇది 16 మాత్రమే.

చిప్ వచ్చింది కదా, ఇంకా ఎందుకు?

మంచి ప్రశ్నే. పట్టీ మాత్రమే ఉన్న పాత కార్డులను 2018 డిసెంబర్ 31 లోగా చిప్, పిన్ ఉన్న కార్డులుగా మార్చాలని ఆర్‌బీఐ బ్యాంకులను ఆదేశించింది. చిప్‌లో చిన్నక్షరాలు రాయడానికి అడ్డేమీ లేదు. 27 నుంచి 45 అక్షరాల పేర్ల కోసం చిప్‌లో విడిగా ఒక గది కూడా ఉంది. మన కొండపల్లివారి పూర్తి పేరు అందులో సరిగ్గా పడుతుంది. కానీ ఆ గదిని వాడాలని రూల్ లేదు. పైగా చిప్ కార్డుల వెనక నల్ల పట్టీ ఇంకా ఉంది. పట్టీ ఉన్నంతకాలం దాని లెక్క తప్పదు. మాస్టర్‌కార్డ్ మాత్రం 2033 నాటికి తమ కార్డులపై పట్టీ ఉండదని 2021లోనే ప్రకటించింది.

పేరు తెగితే డబ్బు ఆగుతుందా?

దాదాపుగా ఆగదు. రెండో ట్రాక్‌లో పేరు లేదని చెప్పుకున్నాం కదా. చిప్ పెట్టి పిన్ కొట్టినప్పుడు బ్యాంకుకు వెళ్లేది ఆ రెండో ట్రాక్ లాంటి సమాచారమే. నంబరు, గడువు, రహస్య కోడ్ సరిపోయాయా, ఖాతాలో డబ్బుందా అని చూస్తారు. పేరు ఊసే రాదు. ఖాతా తెరిచిన రోజే చేతికిచ్చే కిట్‌లలో పేరు లేని కార్డులు ఉంటాయి. అవి కూడా ఏటీఎంలో హాయిగా పనిచేస్తాయి. ఆన్‌లైన్‌లో కూడా మన దగ్గర తేల్చేది నంబరు, గడువు, సీవీవీ, ఓటీపీలే. అయినా విదేశీ సైట్లలో కొన్ని పేరుని కూడా చూసుకుంటాయి. కాబట్టి కార్డు మీద ఎలా ఉందో అలాగే కొట్టడం మంచిది. పెద్దక్షరాలా చిన్నక్షరాలా అన్నది అక్కడ పట్టింపు లేదు.

ఇబ్బంది వచ్చేది మనిషి చూసే చోట. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తూ మూర్తిగారు దారిలో ఒక హోటల్‌లో దిగారనుకుందాం. పాస్‌పోర్టులో సర్‌నేమ్ కొండపల్లి. కార్డు మీద చూస్తే ఆ మాటే లేదు, కె అని ఒక్క అక్షరం. పొడి అక్షరాల అలవాటు లేని రిసెప్షన్‌లో ఈ కార్డు మీదేనా అని అడగడం సహజం. అలాంటి ప్రయాణాలు ఉన్నవాళ్లు ఇంటిపేరు పూర్తిగా ఉంచి, మధ్య మాటలు కుదించుకుంటే నయం:

```
KONDAPALLI V S S MURTHY
```

ఇది 23 అక్షరాలే. పాస్‌పోర్టు సర్‌నేమ్ కనిపిస్తుంది, పిలిచే మూర్తి కూడా మిగులుతుంది.

ఈ ఎంపిక ఎవరి చేతిలో ఉంది? చాలావరకు మీ చేతిలోనే. కార్డు దరఖాస్తులో కార్డుపై రావాల్సిన పేరు అని గళ్లతో ఒక వరస ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు, లేదంటే పూర్తి పేరు గళ్లు దాటించి రాస్తారు. రెండు సందర్భాల్లోనూ కత్తెర సిస్టమ్ చేతికి వెళ్తుంది. గళ్లు లెక్కపెట్టి, చుక్కలు లేకుండా, ఏ మాట పూర్తిగా ఉండాలో మీరే తేల్చి రాయండి. యాప్‌లో కొత్త కార్డు కోరితే చివరి పేజీలో పేరు ఎలా వస్తుందో చూపిస్తే, చివరి అక్షరం దాకా చదివాకే ఓకే నొక్కండి.

కార్డు చేతికొచ్చాక మార్చాలంటే దిద్దుబాటు ఉండదు. పట్టీలో, చిప్‌లో, పైన అచ్చులో మూడు చోట్లా అదే పేరు ఉంటుంది కాబట్టి కొత్త కార్డే ఇస్తారు. దానికి బ్యాంకును బట్టి ఛార్జీ పడొచ్చు. ఇంకో సంగతి, కార్డు మీద పేరు కుదించుకున్నంత మాత్రాన ఖాతాలో పేరు మారదు. చెక్కు రాయించుకునేటప్పుడు, ఎవరైనా మీకు డబ్బు పంపేటప్పుడు ఇవ్వాల్సింది పాస్‌బుక్‌లో ఉన్న పేరే, కార్డు మీద ఉన్నది కాదు.