పొద్దున దువ్వెనకు వచ్చిన జుట్టంతా రాలినదేనా? రాత్రి జడ, దిండు గలేబు సంగతి

పొద్దున కాలేజీకో ఆఫీసుకో టైమ్ అయిపోతుంటుంది. దువ్వెన వెళ్లి మెడ వెనక చిక్కులో ఇరుక్కుంటుంది. ఇంకాస్త గట్టిగా లాగితే టప్‌మని తెగి, దువ్వెన పళ్ల మధ్య వెంట్రుకల ఉండ తయారవుతుంది. అది చూసి "జుట్టు మొత్తం రాలిపోతోంది" అని కంగారుపడి కొత్త నూనెలు, సీరమ్‌లు కొనేవాళ్లు చాలామందే ఉన్నారు. అయితే ఆ ఉండలో రాలిన జుట్టు ఎంత, తెగిన జుట్టు ఎంత అన్నది ముందు చూసుకోవాలి. రెండింటికీ కారణాలు వేరు, చేయాల్సిన పని కూడా వేరు.

తేడా పట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు. ఆ వెంట్రుకలను తెల్ల కాగితం మీద పరిచి చూడాలి. దానంతట అది ఊడిన వెంట్రుక దాదాపు జడంత పొడవుంటుంది, ఒక చివర చిన్న తెల్లటి బొడిపె కనిపిస్తుంది. మధ్యలో తెగిన దానికి ఆ బొడిపె ఉండదు, ఎక్కువగా పొట్టి ముక్కలే ఉంటాయి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలే. కాగితం మీద బొడిపె లేని ముక్కలే ఎక్కువ ఉంటే మాత్రం, చూసుకోవాల్సింది నూనె సీసా కాదు, రాత్రి పడుకునే తీరు.

వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పు లాంటిది. చిన్న చిన్న పొలుసులు ఒకదాని మీద ఒకటి, కుదురు నుంచి చివరి వైపు వాలి ఉంటాయి. ఒక వెంట్రుకను వేళ్ల మధ్య పట్టుకుని కుదురు నుంచి చివరికి జారిస్తే నున్నగా ఉంటుంది, తిరగేసి జారిస్తే కొంచెం పట్టేస్తుంది. జుట్టు విరబోసుకుని పడుకుంటే, తల అటూ ఇటూ తిప్పిన ప్రతిసారీ దిండుకూ తలకూ మధ్య వెంట్రుకలు రెండు దిక్కులా రాసుకుంటాయి, ఆ పొలుసులు ఒకదానికొకటి పట్టుకుంటాయి. దీనికి ఇంకోటి తోడవుతుంది. పగలు ఊడిన వెంట్రుకలన్నీ కింద పడవు. కొన్ని మిగతా జుట్టులోనే ఉండిపోయి, దారం చుట్టినట్టు చుట్టుకుని ముడి వేస్తాయి. పొద్దున కనిపించే గట్టి చిక్కుల్లో చాలావాటి లోపల ఇలాంటి ఊడిన వెంట్రుకే ఉంటుంది.

ఉదాహరణకు నడుము దాకా జుట్టున్న ఒక డిగ్రీ అమ్మాయిని అనుకుందాం. పగలంతా హిజాబ్ కింద కొప్పు వేసుకుంటుంది. రాత్రి కొప్పు విప్పి, అలాగే పడుకుంటుంది. ఆమె మార్చుకోవాల్సింది పడుకునే ముందు పది నిమిషాలే.

కొప్పు విప్పగానే దువ్వెన తీయకూడదు. ముందు వేళ్లతో పాయలు విడదీయాలి. తర్వాత పెద్ద పళ్ల దువ్వెనతో చివరి నాలుగైదు అంగుళాలు మాత్రం దువ్వాలి. అవి సాఫీ అయ్యాక ఇంకొంచెం పైనుంచి, ఆ తర్వాత ఇంకా పైనుంచి, అలా కుదురు దాకా వెళ్లాలి. పైనుంచి ఒకేసారి కిందికి లాగితే దారిలోని చిన్న చిక్కులన్నీ కిందికి చేరి ఒక్క పెద్ద ముడి అవుతాయి. ఈ దువ్వడంలోనే పగలు ఊడిన వెంట్రుకలు బయటికొచ్చేస్తాయి. చివర్లు మరీ పొడిగా ఉంటే రెండు మూడు చుక్కల కొబ్బరినూనె అరచేతుల్లో రుద్దుకుని చివర్లకే రాస్తే చాలు. తలంతా పట్టిస్తే గలేబు పాడవుతుంది, అంతకుమించి లాభం ఉండదు.

ఇక జడ. మెడ దగ్గర మొదలుపెట్టి మూడు పాయల జడ వదులుగా అల్లాలి. నడినెత్తి నుంచి బిగించి అల్లే జడ స్కూలు పిల్లలకు ఓకే గానీ రాత్రికి వద్దు. అల్లిన తర్వాత జడ పాయల మధ్య వేలు తేలిగ్గా దూరాలి, తల పైకెత్తినా కిందికి దించినా మాడు మీద ఎక్కడా లాగినట్టు ఉండకూడదు. లాగుతుంటే విప్పి మళ్లీ అల్లుకోవాల్సిందే, ఎందుకంటే కుదుళ్ల మీద రోజూ అదే ఒత్తిడి పడితే నుదుటి దగ్గర, చెవుల పక్కన జుట్టు పలచబడుతుంది. చివర రెండు మూడు అంగుళాలు వదిలి గుడ్డ రిబ్బనో, బట్ట చుట్టిన మెత్తటి బ్యాండో పెట్టాలి. ఉత్త రబ్బరు బ్యాండు తీసేటప్పుడు వెంట్రుకలను తనతో పాటే పట్టుకెళ్తుంది. పడుకున్నాక జడను వీపు కింద నలగకుండా దిండు మీదికో, భుజం మీంచి ముందుకో వేసుకోవాలి. లేయర్ కటింగ్ చేయించుకున్నవాళ్లకు ఒక జడలో జుట్టు నిలవదు, రెండు జడలు వేస్తే నిలుస్తుంది.

ఎక్కువమంది చేసే తప్పు తడి జుట్టుతో జడ. నీళ్లు పీల్చుకున్న వెంట్రుక ఉబ్బి, ఎక్కువ సాగుతుంది, తేలిగ్గా తెగుతుంది. పైగా జడ లోపల తడి తెల్లారేదాకా ఆరదు, వాసన వస్తుంది, చుండ్రు ఉన్నవాళ్లకు దురద పెరుగుతుంది. రాత్రి తలస్నానం తప్పకపోతే పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ముగించుకుని, పాత కాటన్ టీషర్టుతో అద్ది, ఫ్యాన్ గాలికి ఆరబెట్టాలి. టవల్‌తో రుద్దకూడదు. వుజూలో మసహ్ చేసిన తడి సంగతి వేరు, అది పైపైనే ఉంటుంది కాబట్టి కాసేపట్లో ఆరిపోతుంది.

ఇప్పుడు దిండు గలేబు. ఉర్దూలోని గిలాఫే తెలుగిళ్లలో గలేబు అయింది. మామూలు కాటన్ గలేబు నేతలో దారాలు ఒకటి పైకి, ఒకటి కిందికి వెళ్తాయి. దాని మీద సన్నటి నూగు లేచి ఉంటుంది, వెంట్రుకలు దానికి పట్టుకుంటాయి. శాటిన్‌లో దారం ఒకేసారి నాలుగైదు దారాల మీదుగా సాగి తర్వాత కిందికి దిగుతుంది, అందుకే జారుతుంది. శాటిన్ అన్నది నేత పేరు, దారం పేరు కాదు. బజారులో శాటిన్ పేరుతో దొరికేది ఎక్కువగా పాలిస్టర్. చిక్కుల వరకు అదీ బాగానే పనిచేస్తుంది. దాని ఇబ్బంది ఎండాకాలంలో తెలుస్తుంది, చెమట పీల్చదు. అలాంటప్పుడు కాటన్ శాటిన్ మేలు, స్థోమత ఉంటే నున్నటి మల్బరీ పట్టు. టస్సర్ లాంటి గరుకు పట్టు ఇందుకు పనికిరాదు. పాత పట్టుచీర కోసి కుట్టించుకోవచ్చు గానీ జరీ ఉన్న భాగం అస్సలు వద్దు, ఆ జరీ కాటన్ కంటే ఎక్కువ పట్టేస్తుంది.

కొనాల్సిన పని కూడా లేదు. 18 బై 28 అంగుళాల దిండుకైతే, 44 అంగుళాల పన్నా ఉన్న శాటిన్ గుడ్డ 1.75 మీటర్లు తీసుకుంటే లోపలికి మడిచే అంచుతో సహా రెండు గలేబులు వస్తాయి. నున్నటి వైపు బయటికి రావాలని టైలర్‌కు ముందే చెప్పాలి, జిప్పు పెట్టించొద్దు. అదీ కుదరకపోతే, ఎంబ్రాయిడరీ లేని పాత శాటిన్ దుపట్టాను దిండుకు చుట్టి కింద పిన్నీసు పెట్టేసినా అదే పని జరుగుతుంది. వారానికోసారి ఉతకాలి.

ఉంగరాల జుట్టువాళ్లకు జడ కంటే, జుట్టంతా నడినెత్తి మీదికి వదులుగా తెచ్చి మెత్తటి బ్యాండుతో ఒక్క చుట్టు వేయడం నయం. పొట్టి జుట్టుకు గలేబు మార్చుకుంటే చాలు.

ఇవేవీ ఇప్పటికే చీలిన చివర్లను అతికించవు. వాటిని అర అంగుళమో అంగుళమో కత్తిరించుకోవాల్సిందే. రెండు వారాలు ఇలా చేశాక పొద్దున వచ్చిన వెంట్రుకలను మళ్లీ తెల్ల కాగితం మీద పరిచి చూడాలి. పొట్టి ముక్కలు తగ్గాయంటే సమస్య తెగడమేనని తెలిసినట్టే. తెల్ల బొడిపె ఉన్నవే గుప్పెళ్లకొద్దీ వస్తుంటే గలేబుతో పని లేదు. కాన్పు తర్వాత, పెద్ద జ్వరం తగ్గాక రెండు మూడు నెలలకు, ఐరన్ తక్కువైనప్పుడు, థైరాయిడ్ తేడా వచ్చినప్పుడు అలా రాలుతుంది. అప్పుడు చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లాలి. పోయేటప్పుడు ఆ కాగితం మీది వెంట్రుకలను ఒక కవర్‌లో వేసుకుని తీసుకెళ్లినా తప్పులేదు.